మన ఇంట్లో అందరికీ అంతే

బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని మా అవ్వ అనేది. మీ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. నేను ప్లస్ టూ చదివేటప్పటి నుంచీ బియ్యం తింటూ ఉన్నాను. మొదట్లో అమ్మ బియ్యం చెరిగేటప్పుడు చేటలోంచి ఒక పిడికెడు. తర్వాత డబ్బాలోంచి ఎవరూ చూడకుండా. కాలేజీలో చేరాక బ్యాగులో ఒక చిన్న పొట్లం. క్లాసులో ప్రబంధం జరుగుతూ ఉంటే నేను చివరి బెంచీలో నాలుగు గింజలు నోట్లో వేసుకొని నములుతూ ఉండేదాన్ని. ఆ వాసన, ఆ కరకర లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది.

"ఏమే పాపా, మళ్ళా బియ్యం తింటా ఉండావా? నీ పెళ్ళికి నాట్రంపల్లి చెరువు నిండిపోతాదిలే" అని అవ్వ నవ్వేది.

అది తిండి యావ కాదనీ, ఒంట్లో ఇనుము అయిపోయిందని శరీరం చెప్పే మాట అనీ మాకెవరికీ తెలియదు. బియ్యం, సుద్ద, మట్టి, ఐసుముక్కలు ఇలా తిండి కాని వాటి మీదికి మనసు పోవడం ఇనుము లోపం ఉన్నవాళ్ళలో చాలామందికి ఉంటుందట. నాకు ఈ సంగతి తెలిసేటప్పటికి హిమోగ్లోబిన్ 8.4కి దిగింది. ఆ ఇనుము ఎక్కడికి పోయింది, దాన్ని ఎట్లా కనిపెట్టారు అనేదే ఈ వ్యాసం. సిగ్గుపడి చాలా రోజులు రాయలేదు. మన గోడ పత్రిక చదివేది మనమే కదా అని ఇప్పుడు రాస్తున్నాను.

నాకు పన్నెండో ఏట మొదలైంది. మొదటిసారే తొమ్మిది రోజులు. అమ్మను అడిగితే "మన ఇంట్లో అందరికీ అంతే పాపా. నాకూ అంతే, అవ్వకూ అంతే" అన్నది. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. అందరికీ అంతే అయినప్పుడు అది జబ్బు ఎట్లా అవుతుంది? రెండో రోజు, మూడో రోజు స్కూలుకు పోయేదాన్ని కాదు. పోతే రెండు ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకొని పోవాలి. రాత్రి అలారం పెట్టుకొని లేచి మార్చుకోవాలి. పరుపు మీద పాత చీర మడతపెట్టి పరుచుకోవాలి. ఇవన్నీ ఆడపిల్లగా పుట్టినందుకు నేర్చుకోవలసిన పనులు అనుకున్నాను, ముగ్గు వేయడం లాగా.

నాట్రంపల్లి నుంచి కాలేజీకి బస్సు దిగి, గేటు నుంచి మన డిపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కేటప్పటికి గుండె దడదడ కొట్టుకొనేది. రెండో అంతస్తు మలుపులో నిలబడి ఫోన్ చూస్తున్నట్టు నటించేదాన్ని. జుట్టు గుప్పెళ్ళుగా రాలేది. చదివిన పద్యం మరుసటి రోజుకు గుర్తుండేది కాదు. నాకు తెలివి తక్కువ అనుకున్నాను. మా ఊళ్ళో ఒక క్లినిక్‌లో చూపిస్తే "వయసు అట్లాంటిది, పెళ్ళయి ఒక బిడ్డ పుడితే సర్దుకుంటుంది" అని ఒక టానిక్ సీసా రాసిచ్చారు. అది తీపిగా ఉండేది. అంతకుమించి దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

పోయిన సంవత్సరం కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారు. నేనూ పేరిచ్చాను. వేలు గుచ్చి చూసిన నర్సక్క నా కింది కనురెప్ప లాగి చూసి తమిళంలో "రత్త సోగై" అన్నది. నాకు మొదట శోకం అని వినిపించింది. రక్త శోకం! రక్తానికి శోకం ఏమిటా అనుకున్నాను. తర్వాత తెలిసింది, తమిళంలో రక్తహీనతకు అదే మాట. మన పాత వైద్య గ్రంథాల్లో దీన్ని పాండురోగం అంటారు. పాండు అంటే తెల్లబారిన పసుపు. ఆ నర్సక్క దానం తీసుకోకపోగా, నన్ను కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగింది: "నెలకు ఎన్ని ప్యాడ్లు పడతాయి?"

నేను జవాబు చెప్పలేకపోయాను. పదేళ్ళుగా నాకు జరుగుతున్నదాన్ని నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఎంత పోతే ఎక్కువ అన్న ప్రశ్నకు వైద్య పుస్తకాల్లో ఒక పాత జవాబు ఉంది. 1966లో స్వీడన్ దేశంలో గోథెన్‌బర్గ్ అనే ఊళ్ళో హాల్‌బర్గ్ అనే డాక్టరు బృందం 476 మంది స్త్రీలు వాడిన ప్యాడ్లను సేకరించి, వాటిలోంచి రక్తాన్ని రసాయనంతో బయటికి తీసి కొలిచింది. మామూలుగా ఒక నెలసరికి పోయేది 30, 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు. 80 మిల్లీలీటర్లు దాటినవాళ్ళలో రక్తహీనత బాగా ఎక్కువగా కనిపించింది. అందుకని 80ని గీతగా పెట్టుకున్నారు. ఈ అంకె వింటే చాలామంది నమ్మరు, "అంతేనా, నాకు లీటరు పోతుంది" అంటారు. బయటికి వచ్చేదంతా రక్తం కాదు. అందులో దాదాపు సగం గర్భాశయపు పొర, ఇతర ద్రవాలు. కంటికి కనిపించే దానికీ అసలు రక్తానికీ తేడా ఉంటుంది.

కానీ ఇంట్లో కూర్చొని మిల్లీలీటర్లు ఎవరు కొలవగలరు? ఈ ఇబ్బందికి 1990లో ఇంగ్లాండులో జెన్నీ హైయమ్ అనే లేడీ డాక్టరు, ఆమె తోటివాళ్ళు కలిసి ఒక బొమ్మల పట్టిక తయారుచేశారు. పట్టికలో మూడు రకాల ప్యాడ్ల బొమ్మలు ఉంటాయి. కొద్దిగా మరక అయినదానికి 1 మార్కు. సగం వరకు తడిసినదానికి 5. పూర్తిగా తడిసినదానికి 20. రక్తపు గడ్డ చిన్నదైతే 1, పెద్దదైతే 5. మార్చిన ప్రతిసారీ ఒక గీత గీసుకొని, నెలసరి అయిపోయాక మార్కులు కూడాలి. మొత్తం 100 దాటితే 80 మిల్లీలీటర్లు దాటి ఉండవచ్చని లెక్క. పరీక్షలో వంద మార్కులు రావాలని చూస్తాం గానీ, ఈ పరీక్షలో వంద రాకూడదు.

నర్సక్క ఆ పట్టికను నా నోట్‌బుక్ వెనక పేజీలో గీసిచ్చింది. తర్వాతి నెల లెక్క రాశాను. సిగ్గు వదిలేసి ఇక్కడ పెడుతున్నాను.

మొదటి రోజు మూడు ప్యాడ్లు: ఒకటి నిండుగా, రెండు సగం. 30 మార్కులు. రెండో రోజు ఆరు: నాలుగు నిండుగా, రెండు సగం, పైగా రెండు పెద్ద గడ్డలు. మొత్తం 100. అంటే ఆ ఒక్క రోజే గీత దగ్గరికి వచ్చేశాను. మూడో రోజు ఐదు: మూడు నిండుగా, రెండు సగం, ఒక పెద్ద గడ్డ. 75. నాలుగో రోజు మూడు: ఒకటి నిండుగా, రెండు సగం. 30. ఐదో రోజు రెండు సగం, ఒకటి మరక. 11. ఆరో రోజు, ఏడో రోజు రెండేసి మరకలు, ఎనిమిదో రోజు ఒకటి. అన్నీ కలిపి 5. మొత్తం 251 మార్కులు. ప్యాడ్లు 25.

పక్కన పోల్చుకోవడానికి ఎవరైనా కావాలి కదా. హాస్టల్‌లో ఉండే నా స్నేహితురాలిని బతిమాలి తనచేత కూడా రాయించాను. తనకు నాలుగు రోజులు, పది ప్యాడ్లు, 53 మార్కులు. విచిత్రం ఏమిటంటే, ప్రతి నెలా కడుపునొప్పితో మంచం పట్టి ఏడ్చేది తనే. నాకు నొప్పి పెద్దగా లేదు. అందువల్ల అందరమూ తనకే ఎక్కువ కష్టం అనుకొనేవాళ్ళం. నొప్పి వేరు, రక్తం పోవడం వేరు. నొప్పి ఉంటే నలుగురికీ తెలుస్తుంది. రక్తం చప్పుడు లేకుండా పోతుంది.

ఇక్కడ ఒక లెక్క గుర్తొచ్చింది. మన తమిళనాడు ప్రభుత్వం పుదు యుగం పథకం కింద పల్లెటూళ్ళ ఆడపిల్లలకు రెండు నెలలకు మూడు పాకెట్లు ఇచ్చేది, పాకెట్టుకు ఆరు. అంటే నెలకు తొమ్మిది. నా స్నేహితురాలికి అది దాదాపు సరిపోతుంది. నాకు రెండో రోజు సాయంత్రానికే అయిపోయేవి. ఆ పాకెట్టే నాకు ఎనిమిదో తరగతిలో చెప్పింది, నాది మామూలు కాదని. నేను వినలేదు. మిగతా రోజులకు గుడ్డ వాడుకున్నాను.

ఈ పట్టికకు లోపాలూ ఉన్నాయి. అది అప్పటి ప్యాడ్లను చూసి చేసినది. ఇప్పుడొచ్చే జెల్ ప్యాడ్లు ఎక్కువ పీల్చుకుంటాయి, కాబట్టి ఇవాళ్టి ఒక నిండు ప్యాడ్‌లో అప్పటి దానికంటే ఎక్కువే ఉండవచ్చు. కొందరు శుభ్రం కోసం సగం కాకముందే మారుస్తారు. గుడ్డ వాడేవాళ్ళకు ఈ బొమ్మలు కుదరవు. కప్పు వాడేవాళ్ళకు అసలు పట్టికే అక్కర్లేదు, చాలా కప్పుల మీద మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి. పైగా మార్కులంటే మిల్లీలీటర్లు కావు. 251 వచ్చింది కాబట్టి 251 మిల్లీలీటర్లు పోయినట్టు కాదు. డాక్టరు దగ్గర "ఎక్కువే అవుతుంది మేడమ్" అని గొణగడానికి బదులు కాగితం చూపించడానికి అది పనికొస్తుంది, అంతే.

పట్టిక లేకపోయినా కొన్ని గుర్తులు ఉన్నాయి. గంటకొక ప్యాడ్ చొప్పున వరుసగా కొన్ని గంటలు మార్చవలసి రావడం. రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకోవలసి రావడం. దాని కోసమే రాత్రి నిద్రలేవడం. రెండు రూపాయల నాణెమంత, అంటే సుమారు రెండున్నర సెంటీమీటర్ల గడ్డలు పడటం. ఏడెనిమిది రోజులు దాటడం. వీటిలో నాకు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. ఇప్పుడు డాక్టర్లు 80 అనే అంకెకంటే ఇంకో మాటను ముందు పెడుతున్నారు: రక్తం పోవడం వల్ల ఆమె చదువు, పని, నిద్ర, బయటికి పోవడం దెబ్బతింటే అది ఎక్కువే. కొలత ఎంతైనా సరే. నేను ప్రతి నెలా రెండు రోజులు స్కూలు మానేదాన్ని. ఆ ఒక్కటీ చాలు.

పట్టిక పట్టుకొని వేలూరులో ఒక ఆసుపత్రికి పోయాం, అమ్మా నేనూ. అమ్మ వాణియంబాడి వైపు ఒక బూట్ల కంపెనీలో కుట్టుపని చేస్తుంది, ఒక రోజు జీతం వదులుకొని వచ్చింది. లోపల ఉన్న డాక్టరమ్మ చిత్తూరు వైపు ఆమె, తెలుగు మాట్లాడింది. అమ్మకు సగం భయం అక్కడే పోయింది.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4. గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తగ్గితే రక్తహీనత, 8 కంటే తగ్గితే తీవ్రం. ఫెరిటిన్ 4. హిమోగ్లోబిన్ అనేది చేతిలో ఉన్న ఖర్చు డబ్బు అయితే, ఫెరిటిన్ పోస్టాఫీసులో దాచిన డబ్బు అని డాక్టరమ్మ చెప్పింది. ఒళ్ళు ముందు దాచిన ఇనుమును తీసి వాడుకుంటుంది. అది పూర్తిగా అయిపోయాకే హిమోగ్లోబిన్ పడుతుంది. అందువల్ల హిమోగ్లోబిన్ 12 ఉన్న పిల్లకు కూడా దాచింది సున్నా అయి ఉండవచ్చు. ఆయాసం, జుట్టు రాలడం, మతిమరుపు ఆ దశలోనే మొదలుకావచ్చు. వట్టి హిమోగ్లోబిన్ చూసి "బాగానే ఉంది" అని పంపించేస్తే ఆ పిల్ల దొరకదు. ఫెరిటిన్ 15 కంటే తక్కువుంటే ఇనుము నిల్వలు లేవని లెక్క. 30 కంటే తక్కువున్నా చాలామంది డాక్టర్లు లోపమనే చూస్తారు. జ్వరమో, ఒంట్లో వాపో ఉన్నప్పుడు ఫెరిటిన్ దొంగగా పెరిగి కనిపిస్తుంది కాబట్టి ఆ సమయంలో చేయించకూడదట.

నేను అడిగాను, "మేడమ్, ఆకుకూర తింటాను, రాగిసంగటి తింటాను, ఎందుకు తగ్గింది?" ఆమె కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఆ లెక్క నాకు ఏ ఉపన్యాసం కంటే బాగా ఎక్కింది.

ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము కంటే కాస్త తక్కువ ఇనుము ఉంటుంది. నెలకు 80 మిల్లీలీటర్లు పోతే దాదాపు 35 మిల్లీగ్రాములు పోయినట్టు. రోజుకు పంచితే ఒకటింబావు. చర్మం, పేగుల ద్వారా ప్రతి మనిషికీ రోజూ పోయేది ఇంకొక మిల్లీగ్రాము కంటే కాస్త తక్కువ. మొత్తం రోజుకు రెండు మిల్లీగ్రాముల ఖర్చు. ఇక రాబడి: మన అన్నం, పప్పు, ఆకుకూరల భోజనంలో రోజుకు 12 మిల్లీగ్రాముల ఇనుము ఉందనుకుందాం. అందులో ఒంటికి పట్టేది నూటికి ఎనిమిది వంతులు, అంటే ఒక మిల్లీగ్రాము. రాబడి ఒకటి, ఖర్చు రెండు. స్త్రీ ఒంట్లో దాచిన ఇనుము సుమారు 300 మిల్లీగ్రాములు. రోజుకు ఒకటి చొప్పున తీస్తే సంవత్సరం తిరగకముందే పోస్టాఫీసు ఖాతా ఖాళీ. నిల్వ తగ్గేకొద్దీ పేగులు ఇంకొంచెం ఎక్కువ పీల్చుకుంటాయి కాబట్టి నిజంగా ఇంత వేగంగా జరగకపోవచ్చు. కానీ దారి అదే. నాకు పోయేది 80 కంటే ఎక్కువే అయి ఉంటుంది, పదేళ్ళు గడిచింది.

ఇంకో మాట కూడా చెప్పింది. రక్తం పలచబడేకొద్దీ ప్రతి చుక్కలో పోయే ఇనుము తగ్గుతుంది. అందువల్ల ఒక మెట్టు దగ్గర హిమోగ్లోబిన్ ఆగిపోతుంది. మనిషి ఆ తక్కువ రక్తంతోనే తిరగడం అలవాటు చేసుకుంటుంది. మెట్లు మెల్లగా ఎక్కడం, బరువు ఎత్తకపోవడం, సాయంత్రం కాగానే పడుకోవడం, ఇవి ఆమె స్వభావం అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. ఆమె కూడా అనుకుంటుంది.

తర్వాత డాక్టరమ్మ మాట నా వైపు నుంచి అమ్మ వైపుకు తిరిగింది.

"పాపకు ముక్కులోంచి రక్తం వస్తుందా?"

వస్తుంది, ఎండాకాలంలో. వేడి చేసిందని అవ్వ ధనియాల నీళ్ళు ఇచ్చేది.

"దెబ్బ తగలకుండానే ఒంటిమీద నల్లగా కములుతుందా?"

అవును.

"మీకు?"

అమ్మ కాసేపు ఆలోచించి, "పోయిన సంవత్సరం పన్ను పీకించుకుంటే రెండు రోజులు రక్తం ఆగలే మేడమ్. దిండంతా అయిపోయింది. మా ఇంట్లో అందరికీ అంతే. మా అమ్మకు కాన్పులో అయితే..." అని ఆగిపోయింది.

నేను పన్నెండో ఏట విన్న మాట అది. నాకు ధైర్యం ఇచ్చిన మాట. డాక్టరమ్మ దాన్ని కాగితం మీద రాసుకుంది. "అందరికీ అంతే అంటే అది మామూలని కాదమ్మా. అందరికీ ఒకే కారణం ఉండవచ్చని" అన్నది.

మొదటి నెలసరి నుంచే ఎక్కువగా పోయే పిల్లల్లో డాక్టర్లు మరచిపోకుండా చూడవలసినది ఇదేనట. మొదటి రెండేళ్ళు అండం సరిగా విడుదల కాక ఎక్కువ కావడం మామూలే. థైరాయిడ్ వల్లా కావచ్చు. అమ్మ వయసువాళ్ళకైతే గర్భాశయంలో గడ్డలు ఉన్నాయేమో స్కాన్ చేసి చూస్తారు. నాకు స్కాన్ బాగుంది, థైరాయిడ్ బాగుంది, ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయి. కానీ రక్తం గడ్డకట్టడానికి అవసరమైన వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పదార్థం తక్కువగా ఉంది. ఒత్తిడిలో ఉంటే అది తాత్కాలికంగా పెరుగుతుంది కాబట్టి ఒకసారి మామూలుగా వచ్చినా నమ్మకుండా మళ్ళీ చేస్తారు. నాకు రెండుసార్లూ తక్కువే వచ్చింది. అమ్మకు కూడా తక్కువే. తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డకు వచ్చేది. తేలికపాటి రకం. అవ్వకు మేము పరీక్ష చేయించలేదు, గుడియాత్తంలో మా మామ ఇంట్లో ఉంది, రానన్నది. కానీ ఆమె కాన్పుల కథలు వింటే పరీక్ష అక్కర్లేదు.

ఆ పేరు ఎక్కడిదో లైబ్రరీలో చూశాను. ఫిన్లాండు దేశంలో ఆలండ్ దీవుల నుంచి 1924లో హ్యోర్డిస్ అనే ఐదేళ్ళ పాపను ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ అనే డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారు. ఆమె అక్కచెల్లెళ్ళలో కొందరు చిన్నప్పుడే రక్తం ఆగక పోయారు. ఆయన ఆ కుటుంబం మొత్తాన్ని గమనించి 1926లో ఈ జబ్బు గురించి రాశాడు. హ్యోర్డిస్ పదమూడో ఏట చనిపోయింది. దెబ్బ తగిలి కాదు. ఆమె నాలుగో నెలసరిలో. ఆ వాక్యం చదివాక నేను పుస్తకం మూసి, మెట్ల మలుపులో చాలాసేపు కూర్చున్నాను. ఈసారి ఆయాసంతో కాదు.

ఇక మందుల సంగతి. నాది నాకు రాసిచ్చినది. మీకు మీ డాక్టరు చెప్పాలి. ఎక్కువ పోయే రెండు మూడు రోజులు మాత్రం వేసుకోమని ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. కట్టిన గడ్డ తొందరగా కరిగిపోకుండా అది ఆపుతుంది. కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు ఇవ్వరు, అందుకే మెడికల్ షాపులో అడిగి కొనుక్కొనే మందు కాదు. దీన్ని 1960లలో కనిపెట్టినవాళ్ళు జపాన్‌కు చెందిన ఊతాకో ఒకామోతో, ఆమె భర్త. కాన్పు తర్వాత రక్తస్రావంతో చనిపోయే తల్లులను కాపాడాలన్నది ఆమె పట్టుదల. ఇంకొక హెచ్చరిక: అప్పుడప్పుడు నేను ఒళ్ళునొప్పులకు షాపులో కొని మింగిన మాత్రలు, ఆస్పిరిన్ జాతివి, నాలాంటి వాళ్ళకు రక్తాన్ని ఇంకా ఆగకుండా చేస్తాయి. పారాసిటమాల్ మాత్రమే వేసుకోమన్నారు.

ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, పరగడుపున, నిమ్మరసంతోనో జామపండుతోనో. మాత్రకు రెండు గంటలు అటూ ఇటూ కాఫీ, టీ వద్దు. మా ఇంట్లో ఇదే పెద్ద యుద్ధం. పొద్దున లేవగానే కాఫీ లేకపోతే మా ఇంట్లో ఎవరికీ తెల్లారదు. రోజూ వేసుకుంటే ఎక్కువ పడుతుందనుకొనేదాన్ని. ఒక మాత్ర వేసుకోగానే ఒళ్ళు మర్నాటికి తలుపు కొంచెం మూసేస్తుందట. రోజు విడిచి వేసుకుంటే తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది, కడుపులో తిప్పడమూ తగ్గుతుంది. మలం నల్లగా వస్తే భయపడవద్దని ముందే చెప్పారు. స్కూల్లో ఇచ్చిన నీలం మాత్రను నేను కిటికీలోంచి పారేసింది ఆ నల్లరంగు చూసి భయపడే. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లె బృందాన్ని నడిపించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగు డిపార్ట్‌మెంటులో కూర్చొని ఆయన మాత్రను కిటికీలోంచి విసిరేసిన పాపం నాది.

నెలకు హిమోగ్లోబిన్ 9.8 అయింది. రెండో నెలకు 11.1. మూడో నెలకు 12.2. ఇక చాలు అనుకొని మాత్రలు ఆపబోయాను. అప్పుడే డాక్టరమ్మ కోప్పడింది. చేతిలో ఖర్చు డబ్బు వచ్చింది, పోస్టాఫీసులో ఇంకా ఏమీ వేయలేదు, అక్కడ నిండాలంటే ఇంకో మూడు నెలలు వేసుకోవాలి అన్నది. చాలామందికి మళ్ళీ మళ్ళీ రక్తం తగ్గడానికి ఇదే కారణమట. ఇంకొక కారణం, రక్తం పోయే దారిని ఆపకుండా వట్టి ఐరన్ మింగడం. చిల్లు పడిన బిందెలో నీళ్ళు పోసినట్టు.

పోయిన నెల పట్టికలో నాకు 88 వచ్చింది. ఆరు రోజులు. మెట్ల మలుపులో ఆగడం లేదు. బియ్యం మీద కోరిక ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. హిమోగ్లోబిన్ పూర్తిగా పెరగకముందే, మొదటి కొన్ని వారాల్లోనే పోయింది. ఒకరోజు బ్యాగు దులిపితే పొట్లం అట్లాగే ఉంది.

అమ్మకు 9.1 వచ్చింది. ఆమె ఇన్నేళ్ళుగా "అంతే" అనుకొని, రెండు ప్యాడ్ల మీద ఒక గుడ్డ పెట్టుకొని, బాత్రూముకు పోవడానికి సూపర్‌వైజర్ మొహం చూసుకుంటూ బూట్లు కుట్టింది. ఇప్పుడు ఇద్దరమూ ఒకే రోజు మాత్ర వేసుకుంటాం. క్యాలెండర్‌లో నా గీతలు నీలం రంగు పెన్నుతో, ఆమెవి ఎర్ర పెన్నుతో. నాన్న ఆ గీతలు చూసి పాలవాడి లెక్క అనుకున్నాడు. అమ్మ తెలియజెప్పింది. ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం వస్తూ అరకిలో జామపండ్లు తెచ్చి పెట్టాడు.

గుడియాత్తం పోయినప్పుడు అవ్వకు ఈ కథంతా చెప్పాను. అంతా విని, చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "మా అక్క ఒకతి ఉండేదే. మొదటి కాన్పులో రక్తం ఆగక పోయింది. దయ్యం పట్టిందన్నారు" అన్నది. ఆ అక్క పేరు మా ఇంట్లో నేను మొదటిసారి విన్నది ఆరోజే.

ఈ గోడ కింద, నోటీసు బోర్డు పక్కన, ఆ బొమ్మల పట్టికను తెల్లకాగితం మీద గీసి అంటించాను. మార్కులు తమిళంలోనూ తెలుగులోనూ రాశాను. ఒక నెల గీసి చూడండి. వంద దాటితే ఆ కాగితం మడతపెట్టుకొని డాక్టరు దగ్గరికి పోండి, హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూడమనండి. మీ ఇంట్లో ఎవరైనా "మనకు అందరికీ అంతే" అంటే, ఆ మాటను కూడా అక్కడ చెప్పండి.